చక్రం తిరుగుతనే ఉంది

"సార్, కంది చేను ఫోటో పెడితే చక్రం తిరుగుతనే ఉంది. అరగంట సూసిన. అదే ఫోటో వాట్సాప్‌ల పోతుంది, మీ దాంట్ల పోతలేదు. చెట్లు ఎండుతున్నయి. ఏం మందు కొట్టాలె?"

వేసవి ఇంటర్న్‌షిప్‌లో నా పని సపోర్ట్ మెయిల్స్ చదవడం. రైతు పంట ఫోటో పంపితే తెగులు ఏమిటో నిపుణులు చూసి చెప్పే యాప్ అది. పై మెయిల్ బషీరాబాద్ మండలం నుంచి వచ్చింది. తాండూరు దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే వచ్చే మండలం. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ కంది పండే నేల. ఈ మెయిల్‌కు వెళ్లిన జవాబు మాత్రం రెడీమేడ్ ముక్క: "దయచేసి మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి."

ఆ జవాబు తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో మెయిల్‌లోనే ఉంది. వాట్సాప్‌లో ఫోటో పోతోందంటే నెట్ ఉన్నట్టే. అదే ఫోన్, అదే సిమ్, అదే చేను. తేడా ఉన్నది యాప్‌లో. ఆయన మనకు ఫిర్యాదు ఒక్కటే పంపలేదు, సగం డీబగ్గింగ్ కూడా చేసి పంపాడు.

ముందు లెక్క చూద్దాం. ఇప్పటి ఫోన్ కెమెరా తీసే ఫోటో సుమారు 4 ఎంబీ. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట అప్‌లోడ్ వేగం సెకనుకు 100 కిలోబిట్లకు పడిపోవడం మామూలే. 4 ఎంబీ అంటే 32,000 కిలోబిట్లు. 100తో భాగిస్తే 320 సెకన్లు, అంటే ఐదు నిమిషాల పైమాటే. వాట్సాప్ ఫోటోను ముందే చిన్నది చేసి పంపుతుంది. 250 కేబీ అయితే అదే లైన్ మీద 20 సెకన్లలో పోతుంది.

"వీడియోలు ఆడుతున్నాయి కదా, మరి ఫోటో ఎందుకు పోదు?" అని మా టీమ్‌లోనే ఒకరు అడిగారు. వీడియో కిందికి వస్తుంది, ఫోటో పైకి వెళ్లాలి. టవర్ పదుల వాట్ల శక్తితో అరుస్తుంది. మన ఫోన్ గరిష్ఠంగా దాదాపు 0.2 వాట్లతో జవాబు చెప్పాలి. దూరంగా ఉన్నప్పుడు టవర్ మాట మనకు వినిపిస్తుంది కానీ మన మాట టవర్‌కు సరిగా అందదు. అందుకే ఫోన్ మీద గీతలు ఉన్నా, పాటలు వస్తున్నా, అప్‌లోడ్ మాత్రం నీరసంగా ఉంటుంది.

ఐదు నిమిషాలు సరే, అరగంట ఎందుకు తిరిగింది? ఇదీ అసలు విషయం. అప్‌లోడ్ మధ్యలో సిగ్నల్ పోతే ఫోన్‌కు ఎవరూ వచ్చి "లైన్ తెగింది" అని చెప్పరు. పంపిన ప్యాకెట్‌కు రసీదు రాకపోతే టీసీపీ మళ్లీ పంపుతుంది, కాస్త ఆగి మళ్లీ, ఇంకాస్త ఆగి మళ్లీ. ఆండ్రాయిడ్ కింద ఉండే లినక్స్ మామూలు సెట్టింగ్‌తో ఇలా 15 సార్లు ప్రయత్నించి, సుమారు పావుగంటకు గానీ చేతులెత్తేయదు. అప్పుడు యాప్ నిశ్శబ్దంగా మొదటి నుంచి మళ్లీ మొదలుపెడితే ఇంకో పావుగంట. ఇంతసేపూ తెరమీద అదే చక్రం.

అవతల సర్వర్ ఏం చేస్తోంది? ఎన్‌జిన్ఎక్స్ అయితే మామూలుగా 60 సెకన్ల పాటు ఒక్క బైట్ కూడా రాకపోతే ఆశ వదిలేసి, లాగ్‌లో 408 అని రాసి, కనెక్షన్ మూసేస్తుంది. మూసేశానన్న కబురు కూడా తెగిన లైన్ మీదే వెళ్లాలి కాబట్టి ఫోన్‌కు చేరదు. మేం లాగ్‌లో `$request_length` కూడా రాయించి చూస్తే ఆ 408 వరుసల్లో ఒక్కోదానికి ఒక్కో అంకె ఉంది: ఒకటి 900 కేబీ దగ్గర ఆగింది, ఒకటి 2 ఎంబీ దాటి ఆగింది. ఫైల్ సైజు పరిమితి వల్ల అయితే 413 కనిపించేది. అంకెలు ఇలా చెల్లాచెదురుగా ఉంటే లైన్ మధ్యలో తెగుతోందని అర్థం. అంటే ఒక నిమిషంలో సర్వర్‌కు తెలిసిపోయిన సంగతి, రైతుకు అరగంటైనా తెలియలేదు.

తిరిగే చక్రం మీద నా అభ్యంతరం ఇదే. నెమ్మదిగా పోతోంది, ఆగింది, తెగింది అనే మూడు వేర్వేరు స్థితులకు అది ఒకటే బొమ్మ చూపిస్తుంది. మొదటిదానికి ఓపిక పట్టాలి, రెండోదానికి నాలుగు అడుగులు గట్టు మీదికి నడవాలి, మూడోదానికి మళ్లీ పంపాలి. ఏది చేయాలో మనిషికి తెలియకుండా చేసే బొమ్మను డిజైన్ అని ఎలా అంటాం?

సరిచేయడం పెద్ద పనేమీ కాదు. ఎన్ని బైట్లు పోయాయో చూపించాలి, 20 సెకన్లు కదలిక లేకపోతే ఆపి చెప్పాలి:

```js
let last = Date.now();
xhr.upload.onprogress = (e) => {
  last = Date.now();
  show(e.loaded, e.total);
};
const t = setInterval(() => {
  if (Date.now() - last > 20000) xhr.abort();
}, 1000);
xhr.onloadend = () => clearInterval(t);
```

దీంతో పాటు పంపే ముందే ఫోటో పొడవు వైపును 1280 పిక్సెళ్లకు తగ్గించాలి. దీనికి హద్దులున్నాయి. ఆకు మీద సన్నటి మచ్చలు చూడాలంటే మరీ కుదించకూడదు. బ్రౌజర్‌లో కుదిస్తే ఫోటోలో దాగిన లొకేషన్ వివరాలు కూడా పోతాయి, కావాలంటే వాటిని విడిగా పంపుకోవాలి. పెద్ద ఫోటోయే తప్పనిసరి అయితే ముక్కలుగా పంపే టస్ ప్రోటోకాల్ ఉంది. ఎంతవరకు చేరిందో సర్వర్‌ను అడిగి అక్కడి నుంచే కొనసాగిస్తుంది. రెండు నిమిషాలకోసారి తెగే లైన్ మీద ఐదు నిమిషాల అప్‌లోడ్ ప్రతిసారీ సున్నా నుంచి మొదలైతే ఎప్పటికీ పూర్తి కాదు, కొనసాగిస్తే అవుతుంది.

"5జీ వస్తోంది, ఇదంతా ఎందుకు?" అనేవాళ్లున్నారు. 5జీ వచ్చినా టవర్‌కు దూరంగా ఉన్న చేను దూరంగానే ఉంటుంది. పైగా ఫోటో అనేది ఇప్పుడు సరదా కాదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తప్పనిసరి చేశారు. హాజరుకే ఫోటో సాక్ష్యమైనప్పుడు, పోని ఫోటో అంటే ఎండలో చేసిన పనికి రాని కూలి. అక్కడ చక్రం ఎవరి డబ్బు మీద తిరుగుతోందో ఆలోచించండి.

మన ప్రాజెక్ట్ డెమోలన్నీ ల్యాబ్ వైఫై మీదే జరుగుతాయి. బ్రౌజర్‌లో స్పీడ్ తగ్గించి చూసేవాళ్లు కూడా లైన్ తెగడాన్ని పరీక్షించరు. ఈసారి రివ్యూలో ఫోటో అప్‌లోడ్ ఉన్న ప్రతి ప్రాజెక్ట్‌కూ ఒక చిన్న పరీక్ష పెట్టాలని మన డిపార్ట్‌మెంట్‌ను అడుగుతున్నా. సగం అప్‌లోడ్ అయ్యాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఒక నిమిషం ఆగి తీసేయండి. అప్పుడు తెర ఏం చెబుతుందో, సర్వర్‌లో ఏం మిగిలిందో చూసి మార్కులు వేయండి.