ఛార్జర్‌కి ఏం కాలేదు, డ్రయ్యర్ మాడింది

పోయిన నెల మా అక్క న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ వచ్చింది. రాగానే ట్రావెల్ అడాప్టర్‌కి ఫోన్ ఛార్జర్ తగిలించి బెడ్‌రూమ్ సాకెట్‌లో పెట్టింది. ఫోన్ చక్కగా ఛార్జ్ అయింది. మర్నాడు అదే అడాప్టర్‌కి హెయిర్ డ్రయ్యర్ పెట్టి స్విచ్ వేసింది. లోపలి కాయిల్ ఎర్రగా మెరిసింది, మాడు వాసన వచ్చింది, ఎంసీబీ టప్పున పడిపోయింది.

"ఒరేయ్, ఛార్జర్ పనిచేసిందిగా, దీనికేం రోగం?" అంది.

రోగం అడాప్టర్‌ది కాదు. అది పిన్నుల ఆకారం మాత్రమే మారుస్తుంది. అమెరికాలో రెండు చదును పిన్నులు, మనకి గుండ్రటివి. కానీ వాళ్ల సాకెట్‌లో వచ్చేది 120 వోల్టులు, మన సాకెట్‌లో 230. ఆ 230ని అడాప్టర్ ఉన్నదున్నట్టు లోపలికి పంపేస్తుంది.

డ్రయ్యర్ మీద 120 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. వేడి చేసే కాయిల్‌కి వోల్టేజ్ రెట్టింపైతే కరెంటు కూడా రెట్టింపవుతుంది, అంటే వేడి నాలుగు రెట్లు. 230 దగ్గర లెక్క కడితే దాదాపు 5,500 వాట్లు! గీజర్ కూడా అంత తాగదు.

మరి ఛార్జర్ ఎలా తట్టుకుంది? అది వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చేస్తుంది. ఆ తర్వాత ఒక చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ కరెంటుని కొంచెం కొంచెంగా వదులుతుంది. వోల్టేజ్ ఎక్కువుంటే తక్కువసేపు, తక్కువుంటే ఎక్కువసేపు ఆన్‌లో ఉంటుంది. అందుకే ఎక్కడ పెట్టినా ఫోన్‌కి వెళ్లేది దానికి కావాల్సిన 5 వోల్టులో, 9 వోల్టులో, అంతే.

అయితే అన్ని ఛార్జర్లూ ఇలా ఉండవు. ఛార్జర్ ఒంటి మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఇన్‌పుట్ అని రాసుంటుంది (ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి). పక్కన 100-240 అని ఉంటే అమెరికాకైనా, 100 వోల్టుల జపాన్‌కైనా పట్టుకెళ్లొచ్చు, పిన్నులకి అడాప్టర్ చాలు. 200-240 అని ఉంటే లండన్‌లో పనిచేస్తుంది. అక్కడా మనలాగే 230, పిన్నులే వేరు. అదే అమెరికాలో పెడితే ఛార్జింగ్ ఎక్కదు, లేదా ఎక్కుతూ ఆగుతూ ఉంటుంది. 120 మాత్రమే అని ఉన్నదాన్ని మాత్రం మన గోడకి పెట్టకండి.

ఇంకోటి. మన మల్టీ సాకెట్లలో అమెరికా చదును పిన్నులు నేరుగా దూరతాయి, కానీ వదులుగా ఉంటాయి. చిటచిటమన్నా, ప్లగ్ వేడెక్కినా వెంటనే తీసేసి అడాప్టర్ వాడండి.

అక్క ఇప్పుడు ఇక్కడే డ్రయ్యర్ కొని తీసుకెళ్తానంటోంది. అక్కడి 120కి అది మాడదులే కానీ, వేడి నాలుగో వంతే వస్తుంది. జుట్టు ఆరేసరికి ఆఫీస్ టైమ్ దాటిపోతుందని చెప్పా.