రీఫండు మెసేజి వచ్చిందా? మీ దగ్గర పన్ను ఎక్కడ కోశారో ముందు చూడండి
పోలవరం నిర్వాసిత కుటుంబాలకు, సచివాలయ సిబ్బందికి, పునరావాస అధికారులకు విజ్ఞప్తి



పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, సింగన్నపల్లి, చేగొండపల్లి ఊళ్లు ప్రాజెక్టు కోసం లేచిపోయాయి. పై మండలాల్లో ఇంకా లేస్తూనే ఉన్నాయి. భూమికీ ఇంటికీ బదులు వచ్చిన పరిహారం ఇప్పుడు బ్యాంకు ఖాతాల్లో ఉంది. ఆ ఖాతాకు పాన్ కార్డు, ఆధార్, ఫోన్ నంబరు ముడిపడి ఉన్నాయి. జీవితంలో ఒక్కసారీ ఇన్‌కంట్యాక్సు ఆఫీసు గడప తొక్కని మనిషి ఫోన్‌కు ఆ శాఖ పేరుతో మెసేజి వస్తే నమ్మాలో వద్దో తేల్చుకోవడం కష్టం. అది ఎలా తేల్చుకోవాలో, అందుకు మన ఊరి సచివాలయం ఏం చేయాలో చెప్పడానికే ఈ కరపత్రం.

2023లో దేశమంతా తిరిగిన ఒక మెసేజిని ముందు చూద్దాం. మీకు 15,490 రూపాయల ఇన్‌కంట్యాక్సు రీఫండు మంజూరైంది, త్వరలో ఖాతాలో పడుతుంది అని మొదలవుతుంది. తర్వాత సగం చుక్కలతో ఒక ఖాతా నంబరు చూపించి, ఇది మీదో కాదో సరిచూసుకోండి, తప్పయితే ఈ లింకు నొక్కి మార్చుకోండి అంటుంది. కేంద్ర ప్రభుత్వ సమాచార శాఖ తరఫున పీఐబీ ఫ్యాక్ట్ చెక్ అది బూటకమని ప్రకటించింది. ఇందులో కిటుకు ఆ ఖాతా నంబరులోనే ఉంది. అది మీ నంబరు కాదు. కాదు గనకే మీ గుండె ఝల్లుమంటుంది, నా డబ్బు ఇంకెవరికో పోతోందని గబగబా లింకు నొక్కుతారు. దొంగ మిమ్మల్ని ఏమీ అడగకుండానే, మీ నంబరు మీరే తీసుకెళ్లి వాడి చేతిలో పెడతారు.

ఇలాంటి లింకు నొక్కితే ఏం జరగవచ్చో 2021 సెప్టెంబరులోనే కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ విడమరిచి చెప్పింది. డ్రినిక్ అనే దొంగ యాప్ 27కు పైగా బ్యాంకుల ఖాతాదారుల మీద వల వేసింది. లింకు నొక్కితే ఇన్‌కంట్యాక్సు శాఖ వెబ్‌సైటులాగే ఉండే పేజీ తెరుచుకుంటుంది, ఒక యాప్ దించుకోమంటుంది. ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు, కాల్ వివరాలు చూసేందుకు అనుమతి అడుగుతుంది. తర్వాత పాన్, ఆధార్, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, కార్డు నంబరు, సీవీవీ, పిన్ వరసగా అడుగుతుంది. చివర్లో మీకు ఇంత రీఫండు ఉందని చూపిస్తుంది. ఖాతాలోకి పంపమని నొక్కగానే ఏదో లోపం వచ్చిందని చెప్పి, అప్‌డేట్ అవుతున్నట్టు తెర చూపిస్తూ ఆపేస్తుంది. మీరు తెర వంక చూస్తూ కూర్చున్నంతసేపూ మీ ఎస్సెమ్మెస్‌లు వాళ్ల దగ్గరికి చేరుతుంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు గదా, డబ్బెలా పోయిందని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఫోనే చెప్పేసింది.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. రీఫండు అంటే మీ దగ్గర ఎక్కువగా తీసుకున్న పన్ను తిరిగి ఇవ్వడం. అందుకు రెండు జరిగి ఉండాలి. మీ పాన్ మీద ప్రభుత్వానికి పన్ను జమై ఉండాలి, మీరు రిటర్న్ వేసి దాన్ని వెనక్కి అడిగి ఉండాలి. ఈ రెంటిలో ఒకటి లేకపోయినా రీఫండు పుట్టదు. మెసేజి ఎంత చక్కని ఇంగ్లీషులో ఉన్నా, పైన రాజముద్ర ఉన్నా పుట్టదు.

మన పరిహారానికి ఇది ఎలా వర్తిస్తుంది? 2013 భూసేకరణ చట్టం కింద ఇచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదని ఆ చట్టం 96వ సెక్షనే చెబుతోంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబరు 25న 36వ నంబరు సర్క్యులర్‌లో అదే ఖాయం చేసింది. అలాంటి డబ్బులో పన్ను కోయకూడదు. కోయని చోట వెనక్కి రావడానికీ ఏమీ ఉండదు. అంతకుముందున్న పాత భూసేకరణ చట్టం కింద ఇంటికో స్థలానికో డబ్బు తీసుకున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లలో కొందరికి అప్పట్లో కోసి ఉండవచ్చు కాబట్టి వాళ్లు తమ కాగితాలు తీసి చూసుకోవాలి.

పరిహారం మీద కోత లేకపోయినా దాని వడ్డీ మీద ఉండవచ్చు. పరిహారంలోంచి 8 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో డిపాజిట్ చేసిన ఒక రైతును ఊహించుకోండి. వయసు 60 లోపే. ఏడాదికి వడ్డీ 56,000 వస్తుంది. ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50,000 దాటితే బ్యాంకు పది శాతం టీడీఎస్ కోయాలి. 60 నిండినవాళ్లకు ఈ హద్దు లక్ష రూపాయలు. ఇవి 2025 ఏప్రిల్ నుంచి ఉన్న హద్దులు. పాన్ ఇచ్చి ఉంటే ఈయన దగ్గర 5,600 కోస్తారు. ఈయనకు పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి ఆ 5,600 వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆలస్యమైతే పైన కొద్దిపాటి వడ్డీ కలవవచ్చు. ఇంకే కోతా లేని ఈ మనిషికి 15,490 రీఫండు మంజూరైందని మెసేజి వస్తే అది అబద్ధమని అక్కడికక్కడే తేలిపోతుంది. మరి ఆయన రిటర్నే వేయకపోతే? మెసేజిలో సరిగ్గా 5,600 అనే అంకె ఉన్నా అది అబద్ధమే.

మీ పాన్ మీద ఎంత జమైందో `incometax.gov.in`లో లాగిన్ అయ్యి, ఫారం `26AS`లో చూడవచ్చు. బ్యాంకు ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌లోనూ ఉంటుంది. నిజమైన రీఫండు మీరు ముందే పోర్టల్‌లో ధ్రువీకరించిన ఖాతాలోకే వస్తుంది. ఖాతా తప్పయితే శాఖ నుంచి సమాచారం రావచ్చు, కానీ మార్చుకునేది పోర్టల్‌లో మన లాగిన్ లోపల. మెసేజిలో వచ్చిన లింకు జోలికి పోవద్దు, వెబ్‌సైటు పేరు మన చేత్తో మనమే టైపు చేయాలి. `gov.in` తర్వాత చుక్కో గీతో పెట్టి ఇంకేదైనా పేరు తగిలిస్తే అది ప్రభుత్వ సైటు కాదు.

ఇదంతా చదివి, ఇన్‌కంట్యాక్సు పేరుతో ఏది వచ్చినా చింపి పారేద్దాం అనుకుంటే అదీ చేటే. నిజమైన నోటీసులు మన ఊళ్లకూ రాగలవు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమ చేస్తే బ్యాంకు శాఖకు తెలియజేస్తుంది. 30 లక్షలు, ఆపైన విలువ గల ఆస్తి కొంటే రిజిస్ట్రార్ ఆఫీసు తెలియజేస్తుంది. ఈ డబ్బు ఎక్కడిదని శాఖ అడిగితే, పరిహారం అని అవార్డు కాపీ చూపించి గడువులోగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే పన్ను లేని డబ్బుకే పన్ను వేసే పరిస్థితి వస్తుంది. అందుకే నమ్మడం, చింపడం రెండూ కాక మూడో పని చేయాలి. అది సరిచూడడం.

అందుకు దారి ఉంది. 2019 అక్టోబరు 1 నుంచి ఇన్‌కంట్యాక్సు శాఖ పంపే ప్రతి నోటీసు మీద, ఉత్తరం మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి. కంప్యూటరు పనిచేయకపోవడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, అప్పుడు కూడా కారణం ఆ ఉత్తరంలోనే రాయాలి. ఏ కారణమూ రాయకుండా డిన్ లేని కాగితం వస్తే అనుమానించాల్సిందే. డిన్ ఉన్నా ఊరుకోవద్దు. `incometax.gov.in` తెరవగానే లాగిన్ లేకుండానే `Authenticate Notice/Order Issued by ITD` అనే లింకు కనిపిస్తుంది. అందులో రెండు దారులున్నాయి. డిన్, ఫోన్ నంబరు ఇచ్చి చూడడం ఒకటి. పాన్, నోటీసు రకం, అసెస్‌మెంట్ సంవత్సరం, తేదీ, ఫోన్ నంబరు ఇచ్చి చూడడం రెండోది. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఆ పేజీలోనే కొడితే, అలాంటి నోటీసు శాఖ ఇచ్చిందో లేదో చెబుతుంది.

నా సలహా, పాన్ దారిలోనే వెళ్లండి. వేరొకరికి వచ్చిన అసలు నోటీసు మీద ఉన్న డిన్‌ను దొంగ తన కాగితం మీద అచ్చు వేసుకుంటే, డిన్ ఒక్కటే కొట్టి చూసినవాడు మోసపోవచ్చు. మీ పాన్ మీద నోటీసు ఉందా అని అడిగితే ఆ ఆట సాగదు. లాగిన్ ఉన్నవాళ్లు లోపల `e-Proceedings`లో కూడా చూడాలి, జవాబు అక్కడి నుంచే పంపాలి. ఒక మాట మాత్రం మరవకండి. నోటీసు నిజమని తేలినంత మాత్రాన, దాని గురించి ఫోన్ చేసిన మనిషి నిజమని కాదు. పిన్, పాస్‌వర్డ్, కార్డు వివరాలు ఇన్‌కంట్యాక్సు శాఖ ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ అడగదు.

ఇప్పటికే వివరాలు ఇచ్చేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. ముందు ఆ ఫోన్‌లో నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి 1930కి, మీ బ్యాంకుకు చేయండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి పోయేలోపు చెబితేనే ఆపగలరు, పొద్దున చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. `cybercrime.gov.in`లో ఫిర్యాదు తర్వాత నమోదు చేయవచ్చు.

ఇదంతా ఒక్కో ఇంటి మీద వదిలేస్తే కుదరదు. కాలనీలో చదువుకున్న పిల్లలున్న ఇల్లు బయటపడుతుంది. ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఎవరిని అడగాలి? నెట్ సెంటరుకు వెళితే అక్కడ పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ పరాయి చేతిలో పెట్టాలి. అందుకే ఈ మూడు కోరుతున్నాం.

ప్రతి పునరావాస కాలనీకి చెందిన సచివాలయంలో వారానికి ఒక పూట డిజిటల్ అసిస్టెంట్ నోటీసులు సరిచూసి పెట్టాలి. ఒక్కోదానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఓటీపీ మనిషి తన చేత్తో తానే కొట్టాలి, సిబ్బంది అడగకూడదు, పాన్ కాపీ ఉంచుకోకూడదు. వచ్చిన ఫలితం, నిజమో కాదో, ఒక చీటీ మీద తేదీతో రాసి ఇవ్వాలి.

పరిహారం జమ చేసినప్పుడు పునరావాస అధికారులు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఏ చట్టం కింద ఎంత ఇచ్చారు, పన్ను ఎంత కోశారు, కోయకపోతే సున్నా అని అందులో రాసి ఉండాలి. ఆ కాగితం చేతిలో ఉంటే రీఫండు మెసేజి నిజమో కాదో చూసుకోవచ్చు, నిజమైన నోటీసుకు జవాబూ చెప్పుకోవచ్చు.

లబ్ధిదారుల జాబితా గోడకు అంటించాల్సిందే, ఎవరికెంత వచ్చిందో ఊరికి తెలియాలి. కానీ అందులో ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు ఉండకూడదు. ఇంతకుముందు అంటించిన వాటిలో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన వాటిలో ఉంటే తీసేయాలి.

ఈ మూడింటినీ వచ్చే గ్రామసభలో తీర్మానంగా పెట్టండి. తీర్మానం కాపీ మీద కార్యదర్శి సంతకం, ముద్ర తీసుకోండి. ఒకటి పునరావాస అధికారికి, ఒకటి కె.ఆర్.పురం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, ఒకటి ఏలూరు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తెచ్చుకోండి. సంతకాలకు ప్రతి ఇంటి నుంచీ ఒకరు రండి, పాన్ కార్డు మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.