గోడౌనులో దారి తప్పింది రోబో, జీతం కోత మన తమ్ముడికా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. హోసూరులో, చుట్టుపక్కల గోడౌన్లు నడిపేవాళ్ళు, వాటిలో పనిచేసేవాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు గనక ఓపికగా చదవమని మనవి.

మన సభ్యులొకరి గోడౌనులో ఆర్నెల్ల కిందట ఒక రోబో బండి పెట్టారు. ర్యాకుల మధ్య సందుల్లో తిరుగుతూ పెట్టెలను ప్యాకింగ్ బల్ల దగ్గరికి చేరవేయడం దాని పని. పోయిన నెల ఒక రాత్రి అది మూడో సందులో పక్కకు జరిగి ర్యాకు కాలికి గుద్దుకుంది. పైనుంచి పెట్టెలు పడ్డాయి. మనిషికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. కానీ బిగించినవాళ్ళు వచ్చి చూసి, "మా యంత్రంలో తప్పు లేదు, రాత్రి డ్యూటీ అబ్బాయి చేత్తో తోసి ఉంటాడు" అనేశారు. ఆ అబ్బాయి మనవాడే. నష్టం వాడి జీతంలో పట్టుకోవాలన్న మాట దాకా వచ్చింది. అప్పుడు సంఘం తరఫున మేము ముగ్గురం ఒక ఆదివారం టేపు, లేజర్ కొలత పరికరం, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాం. చూసిందీ, మా అభిప్రాయమూ ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ బండికి తానెక్కడున్నదీ ఎలా తెలుస్తుందో చెప్పాలి. రేకుల కప్పు కింద ఉపగ్రహ సంకేతం అందదు గనక జీపీఎస్ పనికిరాదు. అందుకని గోడలకు యాంకర్లు అనే చిన్న పెట్టెలు బిగిస్తారు. బండి మీద ట్యాగు ఉంటుంది. ట్యాగు, యాంకరు ఒకదానికొకటి చాలా పొట్టి రేడియో పల్సులు పంపుకుని, పోయి రావడానికి పట్టిన సమయాన్ని దూరంగా మారుస్తాయి. దీన్నే అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటారు. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెం.మీ. పోతుంది. నాలుగు యాంకర్ల నుంచి నాలుగు దూరాలు తెలిస్తే బండి నిలబడ్డ చోటు లెక్క కట్టొచ్చు. యాంకరు బండికి అడ్డం లేకుండా కనిపిస్తే ఈ దూరంలో తేడా మామూలుగా 10 సెం.మీ. దగ్గర్లో ఉంటుంది. కరపత్రంలో అచ్చువేసేది ఆ అంకెనే. "అడ్డం లేకుండా" అన్న మాట మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ గోడౌను 40 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు. యాంకర్లు నాలుగు, నాలుగు మూలల్లో. మధ్యలో 6 మీటర్ల ఎత్తు ఇనుప ర్యాకులు. సందు వెడల్పు 1.8 మీటర్లు, బండి వెడల్పు 1.1 మీటర్లు. అంటే బండి సరిగ్గా నడుమన పోతే రెండు పక్కలా మిగిలేది 35 సెం.మీ. మాత్రమే.

మేము చేసింది పెద్ద పనేమీ కాదు. మూడో సందులో, పడమటి గోడ నుంచి 14 మీటర్ల దూరంలో, సందు నడుమ నేల మీద సుద్దతో గుర్తు పెట్టాం. బండిని దాని మీద నిలిపి ఐదు నిమిషాలు కదలనివ్వలేదు. నాలుగు యాంకర్లు ఒక్కొక్కటీ చెప్పే దూరాలను విడివిడిగా రాసుకున్నాం. తెరమీద కనిపించే చుక్కను చూసి ఏమీ తేలదు, ఎందుకంటే నాలుగు దూరాలనూ కలిపి వండిన తర్వాత వచ్చే అంకె అది. మూడు యాంకర్లు మా కొలతకు 10 సెం.మీ. లోపే ఉన్నాయి. నైరుతి మూల యాంకరు మాత్రం 70 సెం.మీ. ఎక్కువ చెప్పింది. అదీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కాదు, ఐదు నిమిషాలూ ఎక్కువే.

ఆ మూల వైపు చూస్తే దక్షిణం ర్యాకుల నిండా నూనె డబ్బాలు. తగరం డబ్బాలు, లోపల నూనె. మిగతా వైపుల్లో అట్టపెట్టెలే. అట్టపెట్టెల్లోంచి పల్సు కొంచెం తగ్గినా దాటిపోతుంది. లోహం దాటనివ్వదు. నేరుగా రావాల్సిన పల్సు డబ్బాల దగ్గరే ఆగిపోయింది. కప్పు రేకుకో, ఎదురు ర్యాకుకో తగిలి చుట్టు తిరిగి వచ్చిన ప్రతిధ్వనినే ట్యాగు మొదటి రాక అనుకుంది. 70 సెం.మీ. అంటే రెండున్నర నానోసెకన్ల లోపు ఆలస్యం. ఇటువంటి తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది: చుట్టు తిరిగి వచ్చింది ఆలస్యంగా రాగలదు గానీ ముందు రాలేదు. కాబట్టి వంద కొలతల సగటు తీసినా ఆ తప్పు పోదు.

అనుమానం తీరాలని మేనేజరు గారిని అడిగి, ఆ యాంకరుకూ బండికీ మధ్య గీతలో ఉన్న డబ్బాలను దింపించాం. తేడా 70 నుంచి 12 సెం.మీ.కి పడిపోయింది. మళ్ళీ ఎక్కించాం, మళ్ళీ పెరిగింది. బండిని ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఈ ఒక్క తప్పు బండిని ఎటు తోసిందో లెక్క వేశాం. నైరుతి యాంకరు దూరం ఎక్కువ చెబితే బండి తాను ఆ మూలకు దూరంగా జరిగానని అనుకుంటుంది. నాలుగు దూరాలకూ కుదిరే చోటు వెతికితే లెక్కలో అది సందు పొడుగునా సుమారు 20 సెం.మీ., అడ్డంగా ఉత్తరానికి సుమారు 35 సెం.మీ. జరుగుతుంది. నిజానికి బండి నడుమనే ఉంది. ఉత్తరానికి జరిగిపోయాననుకుని దక్షిణానికి సర్దుకుంది. మిగిలిన జాగా 35 సెం.మీ.లే కదా. గుద్దుకున్న ర్యాకు కాలు దక్షిణం వైపుదే. ఆ అబ్బాయి తోశాడన్న మాటకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదనుకుంటాం.

మరి మొదట్లో ఎందుకు బాగా నడిచింది? బిగించిన రోజు ర్యాకులు సగం ఖాళీ. ఖాళీ ర్యాకు సందుల్లోంచి పల్సు నేరుగా వచ్చింది, పరీక్ష పాసయింది, సంతకాలు అయిపోయాయి. తర్వాత సరుకు మారింది.

బిగించినవాళ్ళు ఇప్పుడు చెబుతున్న మందు ఏమిటంటే, గోడలకు ఇంకో నాలుగు యాంకర్లు. దీనితో మేము ఏకీభవించం. గోడ మీద ఎన్ని పెట్టినా అవన్నీ ర్యాకుల్లోంచే చూడాలి.

సందు రెండు చివర్లలో, సందులోకి నేరుగా చూసేలా పెడితే అడ్డం ఉండదు, నిజమే. అప్పుడు వేరే చిక్కు వస్తుంది. యాంకరు ఎదురుగా 15 మీటర్ల దూరంలో ఉందనుకోండి. బండి పక్కకు 30 సెం.మీ. జరిగితే యాంకరుకు దూరం ఎంత మారుతుంది? లెక్క కట్టి చూడండి: 3 మిల్లీమీటర్లు. 10 సెం.మీ. తేడాతో కొలిచే పరికరానికి 3 మి.మీ. కనబడదు. అదే యాంకరు, బండి సందులో ముందుకు 30 సెం.మీ. పోతే ఆ 30 సెం.మీ.నూ చూపిస్తుంది. కప్పు నుంచి, ర్యాకు అంచుకు పైగా వేలాడదీస్తే కొంత మేలు. అయినా బండికి 7 మీటర్ల పైన ఉండే యాంకరుకు, ఆ 30 సెం.మీ. పక్క జరుగుడు 3 నుంచి 4 సెం.మీ.గానే కనిపిస్తుంది. ఇదీ చాలదు.

అందుకే మా అభిప్రాయం ఇది. ఇరుకు సందులో బండి నడుమన పోతోందా లేదా అన్నది యాంకర్లను అడగకూడదు. బండికి రెండు పక్కలా చిన్న లేజర్లు పెట్టి ర్యాకు కాళ్ళకు దూరం కొలుచుకోవాలి. ఏ సందులో ఉన్నాం, ఎంత లోపలికి వచ్చాం అన్నది మాత్రం సందు చివరి యాంకర్లు చెప్పాలి. ఆ పనికి 10, 20 సెం.మీ. తేడా ఉన్నా నష్టం లేదు.

"అట్లయితే యాంకర్లే ఎందుకు, అంతా లేజరే చేయొచ్చు కదన్నా" అని మాతో వచ్చిన కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ర్యాకు గోడౌనులో ప్రతి సందూ ఒకేలా ఉంటుంది, సందులో ప్రతి గడీ ఒకేలా ఉంటుంది. లేజరుకు మూడో సందు, నాలుగో సందు తేడా తెలియదు. దారులు ఎప్పటికీ మారని చోట నేల మీద అయస్కాంత టేపో, కోడ్ స్టిక్కర్లో చాలు, ఖర్చూ తక్కువ. ఈ గోడౌనులో ఫోర్క్‌లిఫ్టు చక్రాల కింద స్టిక్కర్లు అరిగిపోతాయి, నెలకోసారి దారులు మారుతాయి. కాబట్టి ఇక్కడ యాంకర్లకు చోటుంది, కానీ వాటికి తగిన పని వరకే.

ఇంకో మాట. పల్సు నేరుగా వచ్చిందా, చుట్టు తిరిగి వచ్చిందా అన్నది చిప్పుకు కొంత తెలుస్తుంది. ఎక్కువగా వాడే డీడబ్ల్యూ1000 చిప్పు మాన్యువల్లోనే ఒక మోటు కొలమానం ఉంది: మొత్తం అందిన శక్తికీ, మొదటి రాక శక్తికీ తేడా 6 డెసిబెల్స్ లోపు ఉంటే బహుశా నేరుగా వచ్చింది, 10 దాటితే బహుశా అడ్డం ఉంది. ఈ గోడౌనులో నైరుతి యాంకరుది 10 దాటే ఉంది. ఆ అంకె చూసి ఆ దూరానికి విలువ తగ్గించే ఏర్పాటు సాఫ్ట్‌వేరులో ఉంది కూడా. ఎవరూ దాన్ని ఆన్ చేయలేదు.

మనవాళ్ళలో ఎవరైనా ఇటువంటిది కొనబోతుంటే ఆర్డరు కాగితంలోనే మూడు షరతులు రాయించుకోమని మా మనవి. పరీక్ష ర్యాకులు నిండిన తర్వాతే జరగాలి, నేల మీద కొలిచి పెట్టిన గుర్తుల దగ్గర జరగాలి. ఒక్కొక్క యాంకరు చెప్పే దూరాల లాగ్ మన చేతికి రావాలి, తెరమీద చుక్క చాలదు. మనిషి అడ్డం వస్తే బండి ఆగడం దాని ముందున్న సేఫ్టీ స్కానరు, బంపరు పని కావాలి, యాంకర్ల లెక్క మీద ఆధారపడకూడదు. సరుకు రకం మారినప్పుడల్లా ఆ గుర్తుల దగ్గర మళ్ళీ ఒకసారి కొలవండి. ఒక పూట పని.

మా కొలతల కాగితం యజమాని గారికి ఇచ్చాం. ఆయన పెద్దమనిషి, చదివి జీతం కోత మాట వెనక్కి తీసుకున్నారు. బిగించినవాళ్ళు మాత్రం ఆ అబ్బాయి మీద వేసిన నింద ఇంకా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోలేదు. వచ్చే కమిటీ సమావేశంలో ఆ ఉత్తరం సంగతి పెడుతున్నాం. ఆ కాగితం నకలు కావాలన్నవారు, అలాంటి నింద పడ్డవారు మన ఇళ్ళల్లో ఇంకెవరైనా ఉంటే వారు, ఆ రోజు తప్పకుండా రండి.