అమ్మ ఫోన్‌కి కన్నడం వచ్చింది

రాత్రి ఎనిమిదింటికి పక్కింటి పిన్ని ఫోన్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఎత్తితే అమ్మ.

"ఒరే నాన్నా, నా ఫోన్‌కి ఏదో అయింది. చూస్తే తెలుగులాగే ఉంది, చదవబోతే రావట్లా."

అమ్మ నరసరావుపేటలో, నేను బెంగళూరులో. మధ్యాహ్నం అక్క కొడుకు ఆ ఫోన్‌తో ఆడుకున్నాడట. సాయంత్రం బజార్లో ఫోన్ల షాపుకి తీసుకెళ్తే, రీసెట్ కొట్టాలన్నారట.

"కొట్టించావా?" అన్నాను, గుండె జారి.

"నిన్ను అడక్కుండానా?"

హమ్మయ్య. రీసెట్ కొడితే ఫోన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ పక్కన నిలబడ్డ నాన్న ఫొటో అందులోనే ఉంది. నాన్న వాయిస్ మెసేజ్‌లూ అందులోనే. బ్యాకప్ పెట్టాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నా (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని మరి!).

"పిన్నీ, వెనక కెమెరా పెట్టి అమ్మ ఫోన్ చూపించు."

చూడగానే నవ్వొచ్చింది. కన్నడం. రోజూ సిటీ బస్సు మీద చూసే అక్షరాలే.

"అమ్మా, ఏం పోలేదు. భాష ఒక్కటే మారింది. పళ్లచక్రం బొమ్మ నొక్కు. అట్టడుగు దాకా జరుపు. సున్నాలో i అక్షరం ఉన్న వరస కనపడిందా? నొక్కు."

నొక్కింది. కాసేపు మాట లేదు.

"ఇక్కడ భూగోళం బొమ్మ ఉందిరా. పక్కన... భా... భాషెగళు?"

ಭಾಷೆಗಳು. నేను చెప్పకుండానే చదివేసింది! రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కదా, తలకట్టు తేడా తప్ప ఒంపులు చాలావరకు అవే.

లోపలికెళ్తే రెండు వరసలు. ఒకటో నంబరు కన్నడం, రెండోది తెలుగు. ఈ జాబితాలో ప్రతి భాష పేరూ దాని సొంత లిపిలోనే ఉంటుంది. ఫోన్ అరబిక్‌లోకి వెళ్లిపోయినా ఇక్కడ 'తెలుగు' అని తెలుగులోనే కనిపిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పేజీ ఇంకోచోట ఉంటుంది గానీ, ఈ పద్ధతి మాత్రం ఇంతే.

"తెలుగు వరస చివర గీతల్లాంటి గుర్తుంది చూడు. దానిమీద వేలు అదిమిపట్టి పైకి లాగు."

మొదటిసారి జారిపోయింది. రెండోసారీ అంతే. "నా చేతుల్లో ఏముందో, వేలు నిలవదు" అంది. చెయ్యి తుడుచుకుని మళ్లీ పట్టమన్నాను. తొందరేం లేదన్నాను.

మూడోసారి తెలుగు పైకెక్కింది. వేలు తీయగానే తెరంతా తెలుగైపోయింది.

"వచ్చిందిరో!" పిన్ని కేకేసింది. అమ్మ మాత్రం ఏమీ అనకుండా ముందు ఫొటోలు తెరిచింది. నాన్న ఉన్నాడు, ప్రభ పక్కనే.

ఐదు నిమిషాలకి సొంత ఫోన్ నుంచి కాల్ చేసింది.

"భాషెగళు అంటే భాషలేగా?"

"అవునమ్మా."

"చూడు, నాకు పూటలో ఒక ముక్క వచ్చింది. మూడేళ్లబట్టి ఆ ఊళ్లో ఉండి నువ్వేం నేర్చుకున్నావురా?"