చేతులు కట్టేసింది జెనీవా కాదు

విత్తనం ధర పెరిగినా, పొద్దుతిరుగుడు ధర పడిపోయినా మన నాయకులు చెప్పే జవాబు ఒకటే: డబ్ల్యూటీవోలో సంతకం పెట్టాక మన చేతుల్లో ఏమీ లేదు. ఆ ఒప్పందాన్ని తిట్టేవాళ్లూ ఇదే అంటారు, మెచ్చేవాళ్లూ ఇదే అంటారు. మొదటివాళ్లు దేశం సార్వభౌమత్వాన్ని తాకట్టు పెట్టిందంటారు. రెండోవాళ్లు నిబంధనలకు లోబడక తప్పదంటారు. ఇద్దరి మాటా నిజమైతే పగిడ్యాల రైతు వేసే ఓటు వీధి కుళాయికి, పింఛనుకు పనికొస్తుందే తప్ప అతను కొనే విత్తనం మీద, అమ్మే గింజ మీద దానికి చెల్లుబాటు లేదన్నమాట. ఈ వాదన తప్పు. తప్పు మాత్రమే కాదు, అధికారంలో ఉన్నవాళ్లకు ఇంతకంటే సౌకర్యమైన సాకు మరొకటి లేదు.

ముందుగా ఆ వాదనకున్న బలాన్ని ఒప్పుకోవాలి. 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో కేంద్ర వాణిజ్య మంత్రి ప్రణబ్ ముఖర్జీ ఒప్పందం మీద సంతకం చేశారు. మేధో సంపత్తికి సంబంధించిన ట్రిప్స్ ఒప్పందం అందులో భాగం. మందులకు, వ్యవసాయ రసాయనాలకు ఉత్పత్తి పేటెంట్లు ఇవ్వడానికి భారత్‌కు 2005 దాకా గడువు దొరికింది. అయితే ఆ దరఖాస్తులను 1995 నుంచే తీసుకుని భద్రపరచాలి. ప్రభుత్వం అందుకోసం ఆర్డినెన్సు తెచ్చింది, అది గడువు తీరి పోయింది. తర్వాత బిల్లు లోక్‌సభలో నెగ్గింది కానీ రాజ్యసభలో ఆగిపోయింది. 1996లో లోక్‌సభ రద్దవడంతో బిల్లూ రద్దయింది. అంటే ప్రజా ప్రతినిధులు ఆ మార్పుకు ఒప్పుకోలేదు. అమెరికా ఫిర్యాదు చేసింది. 1997 డిసెంబరులో డబ్ల్యూటీవో అప్పీలు సంస్థ భారత్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 1999లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. చట్టసభ వద్దనుకున్నదాన్ని బయటి తీర్పు చేయించిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన చరిత్రలో అరుదు. ఇది జరగలేదని ఎవరూ అనలేరు.

కానీ వాదించేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి. ట్రిప్స్‌లోని 27వ అధికరణ మొక్కలకు పేటెంటు ఇవ్వకుండా ఉండే వీలు కల్పించింది. కొత్త వంగడాలకు మాత్రం పేటెంటు ద్వారా గానీ, దేశం తనకు తగినట్టు చేసుకున్న ప్రత్యేక చట్టం ద్వారా గానీ రక్షణ ఉండాలంది. మన పార్లమెంటు ఆ వీలును పూర్తిగా వాడుకుంది. 2001లో వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తవచ్చు, ఇతరులకు ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు వేయనంత వరకు అమ్ముకోవచ్చు కూడా. ఆ మరుసటి ఏడు పేటెంట్ల చట్టంలో మూడో సెక్షన్‌కు కొత్త ఉపవిభాగం చేర్చి, మొక్కలు, వాటి భాగాలు, విత్తనాలు, వంగడాలు పేటెంటు పొందే ఆవిష్కరణలు కావని రాసింది. తీర్పులో ఓడిన పార్లమెంటే నిబంధనల లోపల తన ఇష్టం నెరవేర్చుకుంది.

ఇక పత్తి సంగతికి వద్దాం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి పత్తి విత్తనం సంగతి ఒకరు నేర్పనక్కర్లేదు. నరసింహ వంగడం నంద్యాల పరిశోధన స్థానంలోనే పుట్టింది. కంపెనీల కోసం సీడ్ పత్తి వేసి, పూలకు చేత్తో క్రాసింగ్ చేయించే రైతులు ఇక్కడ ఉన్నారు. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థ తన జన్యువును ఇతర విత్తన కంపెనీలకు లైసెన్సు మీద ఇచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 రూపాయలకు చేరింది. అందులో 1,250 రూపాయల దాకా విత్తనానిది కాదు, ఆ జన్యువు వాడకానికి వసూలు చేసే ట్రెయిట్ ఫీజు.

ఈ ఫీజును ట్రిప్స్ రుద్దిందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. నిజం వేరు. బోల్‌గార్డ్ మొదటి తరం జన్యువుకు భారత్‌లో పేటెంటే లేదు. రెండో తరానికి పేటెంటు వచ్చింది 2008లో. అంటే 2002 నుంచి 2006 దాకా రైతు కట్టిన ఆ ఫీజుకు పేటెంటు ఆధారం కాదు. కంపెనీల మధ్య రాసుకున్న లైసెన్సు ఒప్పందం, అనుమతి పొందిన జన్యువు మార్కెట్లో మరొకటి లేకపోవడం, ఈ రెండే దాన్ని నిలబెట్టాయి. పైగా మనదేశంలో బీటీని ఎక్కువగా హైబ్రిడ్లలోనే అమ్మారు. హైబ్రిడ్ గింజను దాచి విత్తితే మరుసటి ఏడు పంట ఒకే తీరున రాదు. కాబట్టి విత్తనం దాచుకునే హక్కు చట్టంలో ఉన్నా రైతు ఏటా దుకాణానికి వెళ్లక తప్పలేదు. నరసింహ లాంటి సూటి రకాల్లో బీటీని పెట్టి ప్రభుత్వ సంస్థలు వేళకు అందించి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ పని చేయొద్దని జెనీవాలో ఎవరూ చెప్పలేదు.

2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కదిలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, వ్యవసాయ మంత్రి రఘువీరారెడ్డి, వ్యవసాయ కమిషనర్ పూనం మాలకొండయ్య. ఆయుధం కొత్తదేమీ కాదు, 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం. ఆ చట్టం కింద ఏర్పడ్డ కమిషన్ ముందుకు రాష్ట్రం వెళ్లి, ఇదే జన్యువుకు చైనాలో తీసుకుంటున్న దానికంటే ఇక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ గుంజుతున్నారని వాదించింది. మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, ఫీజు తగ్గించమంది. రాష్ట్రం ప్యాకెట్ ధర 750 రూపాయలకు మించకూడదని ఆదేశించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది, స్టే దొరకలేదు. ఆ ఖరీఫ్‌లో ప్యాకెట్‌కు దాదాపు వెయ్యి రూపాయలు రైతు జేబులో మిగిలాయి.

తర్వాత నిజమైన అడ్డంకి ఒకటి వచ్చింది. అది ఢిల్లీ నుంచి వచ్చింది. పత్తి విత్తనాన్ని కేంద్రం నిత్యావసర సరకుల చట్టం పరిధి నుంచి తప్పించింది. దాంతో ధర కట్టడి చేసే ఆధారం రాష్ట్రాల చేతి నుంచి జారిపోయింది. అప్పుడు శాసనసభ 2007లో సొంతంగా పత్తి విత్తనాల చట్టం చేసింది. సరఫరా, పంపిణీ, అమ్మకం, ధర నిర్ణయం, అన్నీ దాని కిందికి తెచ్చింది. గుజరాత్, మహారాష్ట్ర అదే దారిన చట్టాలు చేసుకున్నాయి. 2015 డిసెంబరులో కేంద్రమే దేశమంతటికీ ధరల ఉత్తర్వు తెచ్చింది. 2016లో రెండో తరం ఫీజు 49 రూపాయలకు దిగింది, 2020 నాటికి సున్నా అయింది. 2006 నుంచి ఈ పద్నాలుగేళ్లలో ఈ ధర నియంత్రణ మీద డబ్ల్యూటీవోలో ఏ దేశమూ కేసు వేయలేదు. కారణం ఉంది. లైసెన్సు పేరుతో పోటీని అణచివేస్తే అదుపు చేసుకునే అధికారాన్ని ట్రిప్స్ 40వ అధికరణ స్వయంగా దేశాలకు వదిలింది.

దీనికి ఖర్చు లేదని నేననను. 2016లో కంపెనీ తర్వాతి తరం పత్తి దరఖాస్తును వెనక్కి తీసుకుంది. కలుపు మందు తట్టుకునే పత్తి అనుమతి లేకుండా దొంగదారిన మన పొలాలకు చేరింది. గులాబీ రంగు పురుగు రెండో తరం బీటీని కూడా దాటేసింది. ధర తగ్గించినంత మాత్రాన పంట బాగుపడదు. అసలు విత్తనంలోని జన్యువుకు పేటెంటు చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా తేలలేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలు విని తేల్చమని కింది కోర్టుకు పంపింది. 2021లో కంపెనీలు రాజీ పడ్డాయి. ఇవన్నీ నిజమైన చిక్కులే. కానీ ఇవన్నీ మన కోర్టుల్లో, మన శాసనసభల్లో, మన పరిశోధన కేంద్రాల్లో తేలాల్సినవి.

మరో ఉదాహరణ పొద్దుతిరుగుడు. ఒకప్పుడు నల్లరేగడి నేలల్లో విరివిగా పండిన ఈ పంట తగ్గిపోవడానికి దిగుమతి నూనె ఒక ముఖ్య కారణం. డబ్ల్యూటీవోలో పొద్దుతిరుగుడు నూనె మీద భారత్ వేసుకోగల గరిష్ఠ సుంకం 300 శాతం. 2008 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం ముడి వంటనూనెల మీద వేసింది సున్నా. పట్టణాల్లో నూనె ధర తగ్గించడానికి అలా చేశారు. అది తప్పో ఒప్పో వాదించుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని జెనీవా మీదకు నెట్టడం మాత్రం అబద్ధం. సున్నాకు, మూడు వందలకు మధ్య ఉన్న ఖాళీ అంతా మన ఓటుకు మిగిలిన జాగా. ఆ జాగాను వినియోగదారుడి వైపు వాడారు, రైతుకు వివరణ ఇవ్వలేదు.

నిబంధనలు నిజంగా బిగించిన చోట్లున్నాయి. ధాన్యం సేకరణ మద్దతును లెక్కగట్టేది 1986-88 నాటి ధరలతో. ముప్పై ఏళ్లు దాటినా ఆ లెక్క మారకపోవడం అన్యాయం. 2013 బాలి సమావేశంలో దొరికిన తాత్కాలిక రక్షణ మీదే మన బియ్యం సేకరణ నడుస్తోంది. దాని మీద పోరాడాలి. కానీ పోరాడాల్సినచోట పోరాడాలంటే, కట్టు ఎక్కడుందో, ఎక్కడ లేదో ముందు తెలియాలి. అంతా కట్టేశారని అరిచేవాడు ఏ ముడి విప్పాలో చెప్పలేడు.

మరి ప్రజాస్వామ్యానికి అసలు గండి ఎక్కడ పడింది? సంతకం పెట్టే పద్ధతిలో. మన రాజ్యాంగం ప్రకారం అంతర్జాతీయ ఒప్పందాలు కేంద్ర ప్రభుత్వ అధికారం. 253వ అధికరణ కింద ఆ ఒప్పందాన్ని అమలుచేయడానికి పార్లమెంటు రాష్ట్రాల జాబితాలోని విషయాల మీద కూడా చట్టం చేయవచ్చు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. అయినా వ్యవసాయాన్ని మార్చేసే ఒప్పందానికి శాసనసభ అనుమతి అక్కర్లేదు, పార్లమెంటు ఓటు కూడా తప్పనిసరి కాదు. డబ్ల్యూటీవో కంటే దేశాల మధ్య విడిగా కుదిరే వాణిజ్య ఒప్పందాల్లో ఇది ఇంకా ప్రమాదకరం. ట్రిప్స్ మనకు వదిలిన వీలును అక్కడ అడిగి తీసేసుకోవచ్చు. వంగడాల మీద కంపెనీల హక్కులను కఠినం చేసే 1991 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో చేరమని యూరప్ దేశాలు భారత్‌ను అడుగుతూ వచ్చాయి. అందులో చేరితే 2001 చట్టం రైతుకిచ్చిన హక్కులు నిలవవు. ఆ నిర్ణయం జరిగేది మూసిన గదిలో.

కాబట్టి అడగాల్సింది డబ్ల్యూటీవో నుంచి బయటికి రమ్మని కాదు. ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందే దాని ముసాయిదా పార్లమెంటు ముందుకు రావాలి. వ్యవసాయం మీద ప్రభావం చూపే అధ్యాయాలపై రాష్ట్రాల శాసనసభల్లో చర్చ జరగాలి. సుంకం ఎంతవరకు వేయవచ్చో, ఎంత వేశారో, ఆ తేడాను ఎందుకు వదిలేశారో ఏటా సభకు చెప్పాలి. 2007లో పత్తి విత్తనం మీద చట్టం చేసిన సభ ఆ పని చేయగలదని రుజువు చేసింది. ఇకమీదట నందికొట్కూరు శాసనసభ్యుడైనా, నంద్యాల లోక్‌సభ సభ్యుడైనా డబ్ల్యూటీవో ఒప్పుకోదని చెబితే పగిడ్యాల ఓటరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ అధికరణ ఒప్పుకోదో చూపించండి.