అస్తమయంతో ఆరంభమయ్యే దినం: ఒక అపవాదానికి సమాధానం

సూర్యోదయంతో దినాన్ని లెక్కించే మన పద్ధతి ఒక్కటే శాస్త్రీయమనీ, సూర్యాస్తమయంతో లెక్కించే యూదుల, మహమ్మదీయుల పద్ధతి అజ్ఞానజన్యమనీ భక్తగోష్ఠులలో కొందరు నిస్సంకోచంగా పలుకుతుంటారు. ఈ మాట మన జ్యోతిశ్శాస్త్రానికే విరుద్ధం. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో దినారంభాన్ని గూర్చిన భిన్నమతాలను వరుసగా పేర్కొన్నాడు. లాటాచార్యుని గణన యవనపురంలోని సూర్యాస్తమయం నుండి మొదలవుతుంది. ఆర్యభటుడు ఒకచోట లంకలో అర్ధరాత్రిని, మరొకచోట సూర్యోదయాన్ని దినారంభంగా గ్రహించాడు. అస్తమయాన్ని స్వీకరించినంత మాత్రాన వరాహమిహిరుడు లాటాచార్యుని వెలివేయలేదు.

అస్తమయాన్నే ఎందుకు గ్రహించారు? దీనికి సమాధానం పశ్చిమాకాశంలో ఉంది. చంద్రదర్శనంతో మాసాన్ని ఆరంభించేవారికి నెలవంక మొదట గోచరించేది సూర్యుడు అస్తమించిన కొద్దిసేపటికే. మరి కొంతసేపటికి అది కూడా అస్తమిస్తుంది. కనుక మాసం మొదలయ్యే క్షణం సాయంకాలమే. ఉదయంతో దినాన్ని ఆరంభిస్తే, క్రొత్త మాసం పాత దినం నడుమ పుట్టవలసి వస్తుంది. మాసమూ దినమూ ఒకే సంధిలో కలవాలంటే ఆ సంధి అస్తమయమే కావాలి. బైబిలు పూర్వభాగంలో ప్రాయశ్చిత్తదినోపవాసాన్ని సాయంకాలం నుండి సాయంకాలం వరకు విధించడం కూడా ఈ గణనకు అనుగుణంగానే ఉంది. ఇందులో చీకటిని ఆరాధించడం ఎక్కడ ఉంది?

అయితే అస్తమయం భూమిపై ఒకేసారి జరగదు. అది తూర్పు నుండి పడమరకు ప్రయాణిస్తుంది. ప్రతి 15 రేఖాంశాలకు ఒక గంట చొప్పున ఆలస్యమవుతూ పోయి భూగోళాన్ని చుట్టివస్తుంది. అలా చుట్టివచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట వారం పేరు మారక తప్పదు. ఆ చోటు ఏదో ఆకాశం చెప్పదు.

1941లో ఈ ప్రశ్న నిజమైన మనుష్యుల ఎదుట నిలిచింది. ఐరోపాలోని మారణకాండను తప్పించుకొని కొందరు యూదులు జపానులోని కోబే నగరానికి చేరారు. ఆ సంవత్సరం ప్రాయశ్చిత్తదినం అక్టోబరు 1, బుధవారం. అన్నపానాలు రెండూ వర్జించవలసిన మహోపవాసమది. జపానులో దానిని ఏనాడు ఆచరించాలని వారు పాలస్తీనాలోని మతాచార్యులను తంతి ద్వారా అడిగారు. ప్రధానాచార్యుడు హెర్‌జోగ్ సమావేశపరచిన పండితులు స్థానికగణన ప్రకారం బుధవారమే అన్నారు. హజోన్ ఈష్‌గా ప్రసిద్ధుడైన పండితుడు మాత్రం బుధవారం భుజించి, గురువారం ఉపవసించండని ఆదేశించాడు.

ఆయన తర్కం ఇది. దినరేఖ జెరూసలేముకు తూర్పున 90 రేఖాంశాల దూరంలో ఉంది. జెరూసలేము సుమారు 35వ తూర్పు రేఖాంశంపై ఉంది కనుక ఆ రేఖ సుమారు 125 వద్ద పడుతుంది. కోబే 135 వద్ద, అంటే ఆ రేఖకు ఆవల ఉంది. అక్కడివారు బుధవారమని పిలిచేది శాస్త్రరీత్యా మంగళవారమే. తుకచిన్‌స్కీ అనే మరొక పండితుడు దినరేఖను జెరూసలేముకు 180 రేఖాంశాల దూరంలో నిలిపాడు. ఆ లెక్కన కోబేలో బుధవారం బుధవారమే.

వీరందరూ ఒకే ధర్మశాస్త్రాన్ని అనుసరించినవారు. అస్తమయమే దినారంభమన్న విషయంలో వారికి వివాదమే లేదు. దినపు హద్దును సూర్యుడు గీస్తాడు, ఆ దినానికి పేరును మానవులు పెడతారు. ఈ రెంటినీ కలిపివేయడమే భ్రాంతి.

ఈ భ్రాంతి మనలో లేదా? సూర్యోదయవాదులమైన మనం కూడా దీపావళిని అస్తమయానంతరమైన ప్రదోషంలో అమావాస్య ఉండటాన్ని బట్టే నిర్ణయిస్తాము. 2024లో దృగ్గణితం ప్రకారం అమావాస్య మన కాలమానంలో అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కు మొదలై, నవంబరు 1 సాయంకాలం 6.16కు ముగిసింది. హైదరాబాదులో రెండు అస్తమయాలనూ అది స్పృశించింది, అందుకే వివాదం రేగింది. సిడ్నీలో అది 31 రాత్రి 9.22కు గానీ మొదలుకాలేదు. అప్పటికే సూర్యుడు అస్తమించి దాదాపు రెండు గంటలైంది. కనుక అక్కడ ప్రదోషమంతా అమావాస్య ఉన్నది నవంబరు 1నే. షికాగోలో అది 31 తెల్లవారుజామున మొదలై, మరునాటి ఉదయం 7.46కే ముగిసింది. అక్కడ దీపావళి అక్టోబరు 31నే. నియమం ఒక్కటే, తేదీలు రెండు, రెండూ సత్యమే.

కనుక హైదరాబాదులో ముద్రించిన పంచాంగపు తేదీని షికాగోలోనో సిడ్నీలోనో యథాతథంగా పాటించేవాడు శాస్త్రాన్ని పాటించడం లేదు, కాగితాన్ని పాటిస్తున్నాడు. తాను నిలిచిన నేలపై సూర్యుడు ఎప్పుడు అస్తమించాడో చూడనివాడు, అస్తమయాన్నే దినారంభంగా గౌరవించేవారిని అజ్ఞానులనడం ఏ న్యాయం?