నాలుగు ఆదివారములు, ఒక్క అధ్యాయము



ఆగమన కాలపు మొదటి ఆదివారముననే పశువుల తొట్టియొద్దకు వెళ్లిపోవుట మన ప్రసంగములలో తరచుగా జరుగు పొరపాటు. అప్పుడు క్రిస్మస్ నాటికి సంఘము అదే కథను అయిదవసారి వినును. పిల్లలు దిక్కులు చూచుటనుబట్టి సంగతి మనకు తెలిసిపోవును. అందుచేత నాలుగు వర్తమానములను లూకా మొదటి అధ్యాయములోనే చెప్పుకొందమని మా మనవి. ఆ 80 వచనములలో రక్షకుడు ఇంకను పుట్టలేదు.

మొదటి ఆదివారము జెకర్యా (5-25). ధూపము వేయ లోపలికి వెళ్లిన వృద్ధుడు ఆలస్యము చేసెను. జనులు బయట కనిపెట్టుచుండిరి. వచ్చినవాడు మాటలాడలేక సైగలు చేసెను. ఇక్కడ సండేస్కూలు బాలుని ఒకనిని లేపి, దూత చెప్పిన సంగతిని సైగలతో చెప్పమనండి, పెద్దలు ఊహించవలెను. నవ్వులు వచ్చును, రానివ్వండి. ఎవరును సరిగా చెప్పలేనప్పుడు, సంతోషవార్త లోపలనుండి బయటికి రాకపోవుట ఎట్టిదో అందరికి తెలియును. అక్కడే ప్రసంగము ఆపండి. జెకర్యా నోరు ఆ దినమున తెరువవద్దు.

రెండవ ఆదివారము మరియ (26-38). జెకర్యాయు ప్రశ్న అడిగెను, మరియయు అడిగెను. ఆయన మాత్రమే ఎందుకు మూగవాడాయెను? 18, 34 వచనములను పక్కపక్కన చదివించండి. ఆయన రుజువు అడిగెను, ఆమె జరుగు విధమును అడిగెను. యౌవనస్థులు ఈ తేడాను తామే పట్టుకొందురు. అయితే ముసలివానిని చిన్నబుచ్చవద్దు. ఆ దంపతులు నీతిమంతులని 6వ వచనమే చెప్పుచున్నది.

మూడవ ఆదివారము ఎలీసబెతు ఇల్లు (39-56). వరికోతల దినములు గనుక వెనుకటివి విననివారు ఉందురు, ముందు రెండు నిమిషములు జెకర్యాను జ్ఞాపకము చేయండి. తరువాత నెలలు లెక్కించుటను స్త్రీలకు అప్పగించండి. ఆరవ నెలలో దూత మరియయొద్దకు వచ్చెను, మరియ అక్కడ ఇంచుమించు మూడు నెలలుండెను. ఎలీసబెతుకు ప్రసవకాలము దగ్గరపడెనని బోధకునికంటె ముందుగా అమ్మమ్మలే చెప్పుదురు.

నాలుగవ ఆదివారము (57-80) మొదటివారము సైగలు చేసిన బాలునికే పలక ఇవ్వండి. బంధువులు బిడ్డకు తండ్రి పేరు పెట్టబోవుచుండగా అతడు ‘యోహాను’ అని వ్రాసి చూపవలెను. మూడు వారములుగా మూయబడిన నోరు ఇప్పుడు తెరువబడును. జెకర్యా పాట చివర, పైనుండి రానున్న అరుణోదయమును గూర్చి చెప్పును. అక్కడ బైబిలు మూయండి. రెండవ అధ్యాయము క్రిస్మస్ ఆరాధనకు ఉంచవలెను.

2023లో వలె నాలుగవ ఆదివారము డిసెంబరు 24న వచ్చిన సంవత్సరము ఈ ఆపుట కష్టము. అట్టి యేట ఉదయము జెకర్యా పాటతో ముగించి, తొట్టిని రాత్రి ఆరాధన వరకు గుడ్డతో కప్పి ఉంచండి. పిల్లలు గుడ్డ ఎత్తి చూతురు, చూడనివ్వండి.